భోజనాల బల్ల వెనక చీకటి మూల: రెండర్ చూశాక నమూనాలో చేసిన మార్పులకు వివరణ

నమస్కారమండీ. మా కొత్త ఫ్లాట్ హాలుకు మీరు మొదట పంపిన బొమ్మలు చూసే మేము ఇంటీరియర్ నమూనాకు ఒప్పుకున్నాం. ఇప్పుడు లైట్లు ఆపి తీసిన కొత్త కంప్యూటర్ బొమ్మలో, అంటే రెండర్‌లో మాత్రం హాలు చివర, భోజనాల బల్ల వెనకనున్న నైరుతి మూల గుహలా ఉంది. లైట్ల వాటేజీ పెంచితే సరిపోదా? మా అత్తగారు అక్కడ పెద్ద అద్దం పెట్టమంటున్నారు. మేము ఇష్టపడి ఎంచుకున్న వాల్‌నట్ గోడను ఎందుకు తీసేశారు? క్రాకరీ యూనిట్‌ను ఎందుకు జరిపారు? అసలు ఆ చీకటి మొదటి బొమ్మల్లో ఎందుకు కనిపించలేదు?

నమస్కారమండీ.

మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో తప్పు నాది. మొదట పంపిన మూడు బొమ్మల్లోనూ కెమెరాను ఆ మూల దగ్గరే నిలబెట్టి బాల్కనీ వైపు చూపించాం, కాబట్టి ఆ మూల ఏ బొమ్మలోనూ కెమెరా ముందుకు రాలేదు. పైగా, బొమ్మ నిండుగా కనబడాలని కెమెరా వెనక ఒక అదృశ్యమైన లైటు పెట్టడం, వెలుతురు తక్కువైన చోట ఎక్స్‌పోజర్ దానంతట అదే పెరిగేలా వదిలేయడం మా వృత్తిలో మామూలైపోయిన అలవాట్లు. సోఫా రంగు, కర్టెన్ల బట్ట నచ్చాయో లేదో చూసుకోవడానికి అలాంటి బొమ్మ పనికొస్తుంది గాని, ఇంట్లో మధ్యాహ్నం నాలుగు గంటలకు లైటు వేసుకోవలసి వస్తుందో లేదో అది చెప్పదు. ఫాల్స్ సీలింగ్ బోర్డులు బిగించే ముందు నేను ప్రతి ఇంటికీ ఒక రెండర్ వేరుగా తీయిస్తాను. అందులో దొంగ లైట్లు ఉండవు, అన్ని బొమ్మలకూ ఎక్స్‌పోజర్ ఒక్కటే, ఆకాశం మబ్బుగా ఉన్నట్టు, సమయం సాయంత్రం నాలుగు గంటలన్నట్టు పెట్టి, గదిలోని ఒక్కో మూలకేసి కెమెరా తిప్పి చూస్తాం. మీకు ఇప్పుడు అందినది ఆ బొమ్మే. ఒప్పందానికి ముందే దీన్ని చూపించి ఉండవలసింది.

ఇక చీకటి సంగతి. మీ హాలు ఉత్తరం నుంచి దక్షిణానికి 27 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పగటి వెలుతురు వచ్చే దారి ఉత్తరం చివరనున్న బాల్కనీ స్లైడింగ్ తలుపు ఒక్కటే. దాని ఎత్తు 7 అడుగులు. తలుపు పై అంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం వరకే గదిలో పనికొచ్చే వెలుతురు అందుతుందని మేము ఒక అంచనా పెట్టుకుంటాం. ఆ లెక్కన మీ హాలులో అది 14 అడుగుల నుంచి 17 అడుగుల దగ్గర ఆగిపోతుంది. బయట బాల్కనీ 5 అడుగులు ముందుకు వచ్చి, దాని పైన పై అంతస్తు స్లాబు ఉండడంతో, నిజానికి ఇంకాస్త ముందే ఆగుతుంది. మీ భోజనాల బల్ల మధ్యభాగం తలుపు నుంచి 22 అడుగుల దూరంలో ఉంది. మొన్న సైటుకు వచ్చినప్పుడు నేను ఆ మూలలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చొని బయటికి చూశాను. తలుపులోంచి ఎదుటి టవర్ గోడ కనిపించింది గాని, ఎంత వంగి చూసినా ఆకాశం ఒక్క చెయ్యి వెడల్పు కూడా కనిపించలేదు. ఇంట్లో ఎక్కడైనా వెలుతురు సంగతి తేల్చుకోవడానికి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు. కూర్చున్న చోటి నుంచి ఆకాశం కనబడకపోతే, అక్కడికి చేరేదంతా గోడల మీద, నేల మీద, సీలింగ్ మీద పడి తిరిగివచ్చిన వెలుతురే.

నమూనాలో నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. తిరిగివచ్చే వెలుతురు మీదే ఆ మూల బతకాలంటే, తిప్పి పంపే గోడ లేత రంగులో ఉండాలి. పాలతెలుపు రంగు వేసిన గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి 75 నుంచి 80 వంతులు తిప్పి పంపుతుంది. మనం ఎంచుకున్న ముదురు వాల్‌నట్ లామినేట్ తిప్పి పంపేది 10 నుంచి 15 వంతులే, మిగిలినదంతా అది మింగేస్తుంది. వెలుతురు రెండుసార్లు గోడకు తగిలి ఆ మూలకు చేరిందనుకుందాం. రెండూ తెల్ల గోడలైతే 100లో దాదాపు 60 మిగులుతుంది, అందులో ఒకటి వాల్‌నట్ అయితే పదీ పరకా మిగులుతుంది. పైగా మనం వాల్‌నట్ పరిచినది ఏదో పక్కగోడ కాదు. హాలు మొత్తం మీద బాల్కనీకి ఎదురుగా నిలబడి వెలుతురును నేరుగా ముఖాన అందుకునే గోడ, అంటే దక్షిణపు గోడ, అదొక్కటే. దానికే ముదురు రంగు తొడిగాం. షోరూములో ఆ ముక్కను మీరు చూసినప్పుడు నెత్తిన నాలుగు లైట్లు వెలుగుతున్నాయి, అందుకే అది తేనె రంగులో మెరిసింది. ఇంట్లో, ఆ చోట, అదే ముక్క కాఫీ డికాక్షన్ రంగులో కనబడుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదని తేల్చుకోవడానికి రెండర్‌ను మళ్లీ నడిపాం. మొదట, నమూనాలో ఏ వస్తువునూ కదపకుండా, గోడలు, షట్టర్లు, నేల అన్నింటికీ ఒకే తెలుపు రంగు పూసి తీశాం. చీకటికి కారణం రంగా, లేక దూరమూ అడ్డంకులా అన్నది ఈ తెల్ల బొమ్మ విడదీసి చెబుతుంది. తెల్లబొమ్మలో మూల తేరుకుంటే తప్పు రంగులది. అప్పటికీ నల్లగానే ఉంటే తప్పు గది ఆకారానిది, అప్పుడు లామినేట్లు మార్చి లాభం లేదు. మీ ఇంట్లో జవాబు సగం సగం వచ్చింది. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. రెండర్ లెక్కలో భోజనాల బల్ల మీద వెలుతురు 60 లక్సుల నుంచి దాదాపు 95కు పెరిగింది. కాని క్రాకరీ యూనిట్‌కు, దక్షిణపు గోడకు మధ్య మనం వదిలిన మూడు అడుగుల ఖాళీలో 15 ఉన్నది 30 దగ్గరే ఆగిపోయింది. అంటే బల్ల చుట్టూ చీకటికి వాల్‌నట్ కారణమైతే, ఆ మూల చీకటికి వేరే కారణం కూడా ఉందన్నమాట.

ఆ రెండో కారణం క్రాకరీ యూనిట్. దాన్ని పడమటి గోడకు ఆనించి, 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, ఒకటిన్నర అడుగుల లోతుతో గీశాం. దాని వెనక మూలలో మూడు అడుగులు ఖాళీ వదిలి అక్కడ ఒక పెద్ద కుండీ, దాని పైన ఒక చిత్రపటం అనుకున్నాం. ప్లాను మీద బాల్కనీ తలుపు రెండు అంచుల నుంచీ యూనిట్ బయటి మూల మీదుగా స్కేలుతో గీతలు గీసి చూస్తే విషయం వెంటనే తేలిపోతుంది. ఏ అంచు నుంచి గీసినా ఆ గీత ఖాళీ వెనకనున్న పడమటి గోడను తాకనే తాకదు. యూనిట్ ఒక గోడలా నిలబడి, మనం మొక్క పెడదామనుకున్న చోటుకు నేరుగా వచ్చే కాస్త వెలుతురును కూడా ఆపేసింది. 15 లక్సుల్లో ఏ మొక్కా బతకదు, రెండు నెలలు ఆకులు రాల్చుకొని పోయేది. ఆ కుండీ ఆలోచన పూర్తిగా నాదే కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్త నమూనాలో యూనిట్‌ను మూలకు పూర్తిగా జరిపి, దక్షిణపు గోడకు ఆనించాం. చీకటి గుంట ఉండడానికి ఇక చోటు లేదు, ఎందుకంటే ఆ చోటునే యూనిట్ ఆక్రమించింది. యూనిట్ ముందువైపు ఖాళీ అయిన గోడ వెలుతురుకు దగ్గరైన భాగం. అక్కడ మామూలు పాలతెలుపు రంగు ఉంటుంది, మీ చిత్రపటం అక్కడికి వస్తుంది. బరువైన సామాను నైరుతిలో ఉండాలని మీ అత్తగారు మొదటి రోజే చెప్పారు, నేనే దాన్ని మూడు అడుగులు ఇవతలికి లాగాను. ఇప్పుడు వెలుతురు లెక్క కూడా ఆమె మాట దగ్గరికే వచ్చి ఆగింది. షట్టర్లకు ముదురు వాల్‌నట్ బదులు లేత ఓక్ రంగు, అదీ మ్యాట్ ఫినిష్‌లో ఎంచుకున్నాం. మెరుపు లామినేట్ ఎక్కువ వెలుతురు ఇస్తుందని చాలామంది అనుకుంటారు గాని, అది గదిని వెలిగించదు, సీలింగ్‌లోని ప్రతి లైటునూ ఒక చుక్కలా తన మీద చూపిస్తుంది, అంతే. పై అరలకు గాజు తలుపులు పెట్టి లోపల సన్నని పట్టీలా ఉండే ప్రొఫైల్ లైటు ఇస్తున్నాం, రాత్రి పూట ఆ మూల తనంతట తానే వెలుగుతూ ఉంటుంది.

మీ వాల్‌నట్‌ను ఇంటి నుంచి పంపేయడం లేదు, చోటు మారుస్తున్నాం. టీవీ గోడ బాల్కనీ నుంచి 6 అడుగులకే మొదలవుతుంది, ఉత్తరపు వెలుతురు దాని మీదుగా పక్కనుంచి జారుతుంది, ఎండ నేరుగా పడదు కాబట్టి రంగు వెలిసే భయమూ తక్కువ. చెక్క గీతలు బాగా కనబడాలంటే వెలుతురు అలా పక్కనుంచే రావాలి. దక్షిణపు గోడకు కొంచెం గరుకుగా ఉండే పాలతెలుపు టెక్స్‌చర్ పెయింట్ వేస్తాం. భోజనాల బల్ల పైచెక్క మాత్రం వాల్‌నట్‌గానే ఉంటుంది, ఎందుకంటే దాని మీద వేలాడే లైటు దానికి సరిపడా వెలుతురు ఇస్తుంది, తెల్ల గోడ ముందు ఆ ముదురు రంగు ఇంకా బాగా తేలుతుంది కూడా.

వాటేజీ పెంచమన్న మీ మాటకు వస్తాను. పాత నమూనాలో భోజనాల వైపు సీలింగ్‌లో బిగించే 12 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ లైట్లు నాలుగు ఉన్నాయి, అవి 36 డిగ్రీల కోణంలో వెలుతురు చిమ్మే రకం. మీ ఫాల్స్ సీలింగ్ ఎత్తు 8 అడుగుల 8 అంగుళాలు. ఆ ఎత్తు నుంచి అలాంటి లైటు నేల మీద గీసే వెలుగు వలయం దాని కింది బిందువు నుంచి చుట్టూ 2 అడుగుల 10 అంగుళాల వరకే వెళుతుంది. చివరి వరుస లైట్లను మనం గోడకు నాలుగున్నర అడుగుల ఇవతల పెట్టాం. లెక్క వేసి చూడండి, వెలుగు గోడను చేరక ముందే, 20 అంగుళాల దూరంలో ఆగిపోతుంది. గోడకు దక్కేది అంచున చిందిన కాస్తంతే. ఒక గదిలోకి అడుగు పెట్టగానే అది వెలుతురుగా ఉందా, చీకటిగా ఉందా అని మన కన్ను నిర్ణయించేది నేలను చూసి కాదు, ఎదురుగా నిలబడ్డ గోడను చూసి. 12 వాట్లను 20 చేస్తే నేల మీది వలయం మరింత తెల్లబడుతుంది, కన్ను ఆ వెలుగుకు సర్దుకుంటుంది, పక్కనున్న గోడ మునుపటికంటె నల్లగా అనిపిస్తుంది. రాత్రి బొమ్మలో మేము అది కూడా నడిపి చూశాం. వాట్లు పెంచిన బొమ్మను పక్కన పెట్టి చూస్తే, మూల ఇంకా లోతుగా ఉన్నట్టే కనిపించింది.

అందుకని మొత్తం వాటేజీని పెంచకుండా లైట్ల చోటు మార్చాం. నాలుగు సీఓబీల్లో రెండింటిని తీసేసి, దక్షిణపు గోడకు 2 అడుగుల 9 అంగుళాల దూరంలో, ఒకదానికొకటి అంతే ఎడంగా, గోడ వైపు వెలుతురు పరిచే వాల్‌వాషర్లు 7 వాట్లవి మూడు పెడుతున్నాం. ఆ దూరం ఎత్తులో దాదాపు మూడో వంతు, అంతకంటె దూరమైతే గోడ పైభాగానికి అందదు. మీవారు ఫోనులో అడిగినట్టు గోడ అంచునే ప్రొఫైల్ లైటు దించవచ్చు గాని, మీ భవనం మైవాన్ పద్ధతిలో అల్యూమినియం అచ్చులతో పోసినది. అచ్చులు కలిసిన చోట్ల సన్నటి గీతలు, పుట్టీ పూతలో చిన్న చిన్న అలలు తప్పకుండా ఉంటాయి. గోడను రాసుకుంటూ దిగే వెలుతురు వాటన్నిటినీ నీడలతో సహా చూపిస్తుంది. రెండున్నర అడుగులు దాటిన వెలుతురు వాటిని దాచేస్తుంది. ఈ మూడు లైట్లకూ వేరే స్విచ్చి ఉంటుంది, కాబట్టి మబ్బు పట్టిన పగలు వాటిని మాత్రమే వేసుకోవచ్చు. రంగు అన్నింటికీ 3000 కెల్విన్లే, అంటే కాస్త పసుపు కలిసిన వెచ్చని తెలుపే ఉంచాం. ఆ మూల చీకటిగా ఉందని అక్కడ మాత్రం తెల్లటి లైటు పెడితే అది ఆసుపత్రి వరండాలా వేరుపడిపోతుంది.

మైవాన్ గోడల వల్ల ఇంకొక ఇబ్బంది కూడా ఉంది, అందుకే ఈ ఉత్తరం ఇంత తొందరగా రాస్తున్నాను. అవి ఇటుక గోడలు కావు, భవనం బరువు మోసే కాంక్రీటు గోడలు. వాటిని చెక్కి పైపులు వేయడం గాని, వంటగది వైపు కిటికీ తెరవడం గాని కుదరదు, బిల్డరూ ఫ్లాట్ల యజమానుల సంఘమూ కూడా ఒప్పుకోరు. కొత్త వైర్లన్నీ ఫాల్స్ సీలింగ్ లోపలి నుంచే రావాలి. ప్రస్తుతం సీలింగ్ ఇనుప ఫ్రేము మాత్రమే నిలబడింది. జిప్సం బోర్డులు బిగించాక ఈ మార్పు అడిగితే బోర్డులు కోయాలి, అతుకులు వేయాలి, ఆ అతుకులు ఏడాది తిరగకుండా గీతలుగా బయటపడతాయి.

అద్దం గురించి మీ అత్తగారికి ఇలా చెప్పండి. అద్దం వెలుతురును పుట్టించదు, తనకు ఏది కనబడుతుందో దాన్నే తిప్పి చూపిస్తుంది. దక్షిణపు గోడకు పెడితే అది బాల్కనీని చూస్తుంది, కాని ఆ వెలుతురును నేరుగా వచ్చిన దారినే, అంటే సోఫా వైపుకే పంపుతుంది. సోఫాలో కూర్చున్నవారికి హాలు చివర మరో కిటికీ ఉన్నట్టు కనబడుతుంది, అది నిజంగానే బాగుంటుంది, కాని బల్ల దగ్గర ఉన్నవారికి ఏమీ మారదు. తెల్ల గోడ వెలుతురును అన్ని దిక్కులకూ పంచుతుంది, మూలకు కావలసింది అదే. యూనిట్ పక్కన ఖాళీ అయిన పడమటి గోడకు పెడితే అద్దానికి ఎదుటి తూర్పు గోడే కనబడుతుంది. ఆమెకు అద్దం ఉండాలన్న మనసుంటే, ముఖద్వారం పక్కన చెప్పుల స్టాండు పైన రెండడుగుల వెడల్పున ఒకటి పెడదాం, బయటికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

వంటగది తలుపు సంగతి మీరు తేల్చాలి. దానికి లామినేట్ స్లైడింగ్ తలుపు అనుకున్నాం. దాని బదులు నిలువు చారలున్న ఫ్లూటెడ్ గాజు పెడితే వంటగది తూర్పు కిటికీ నుంచి ఉదయం పది గంటల దాకా బల్ల మీదికి మంచి వెలుతురు వస్తుంది, లోపలి సామాను మాత్రం కనబడదు. కాని సాయంత్రం నాలుగు గంటల బొమ్మలో దాని వల్ల పెరిగింది 5 లక్సులు మాత్రమే. ఉదయం పలహారం మీరందరూ బల్ల దగ్గరే చేస్తారంటే పెట్టించుకోండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈ చీకటికి మందు అది కాదు.

ఖర్చు ఇలా వస్తుంది. దక్షిణపు గోడకు 56 చదరపు అడుగుల వాల్‌నట్ ప్యానెలింగ్ తీసేయడం వల్ల 25,200 రూపాయలు తగ్గుతాయి, టెక్స్‌చర్ పెయింటుకు 4,500 పడుతుంది. మూడు లైట్లకు, వాటి వైరింగ్ పాయింట్లకు కలిపి 8,100. తీసేసిన రెండు సీఓబీల డబ్బు యూనిట్ లోపలి ప్రొఫైల్ లైటుకు సరిపోతుంది. గాజు తలుపు కావాలంటే అదనంగా 9,500. అది పెట్టినా ఒప్పందం మీద 3,100 రూపాయలు తగ్గుతాయి, వద్దంటే 12,600 తగ్గుతాయి. యూనిట్ చెక్క ఇంకా కోయలేదు కాబట్టి దాన్ని జరపడానికి, షట్టర్ల రంగు మార్చడానికి ఖర్చేమీ లేదు.

ఈ మార్పులన్నీ చేశాక సాయంత్రం నాలుగు గంటలకు లైట్లు వేయకుండా తీసిన బొమ్మలో బల్ల మీద దాదాపు 85 లక్సులు, యూనిట్ షట్టర్ల మీద 40 వచ్చింది. రెండర్ చెప్పే అంకెలను అక్షరాలా నమ్మకండి. అందులోని ఆకాశం మేము పెట్టినది, మీ బాల్కనీకి రేపు కట్టబోయే దోమతెర, వేలాడదీసే కర్టెన్ వాటిని ఇంకా తగ్గిస్తాయి. నేను నమ్మేది పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ మధ్య నిష్పత్తిని. అయినా ఒక విషయం దాచను. వానాకాలం సాయంత్రాల్లో ఆ బల్ల దగ్గర పేపరు చదవాలంటే వేలాడే లైటు వేసుకోవలసిందే. హాలు పొడవును, ఎదుటి టవర్‌ను నేను మార్చలేను. లైటు వేయనప్పుడు కూడా అక్కడ కూర్చోబుద్ధి కావాలి, అంతవరకే నా ప్రయత్నం.

బొమ్మల మీద ఆధారపడకుండా మీరే స్వయంగా చూసుకోవడానికి ఒక పని చేయండి. ముదురు వాల్‌నట్, లేత ఓక్ లామినేట్ ముక్కలు రెండు, అడుగు చొప్పున కోయించి, సైటులో మా సూపర్‌వైజర్ దగ్గర ఉంచాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మీరూ మీవారూ వెళ్లి, సైటులోని తాత్కాలిక బల్బులు ఆపించి, ఆ ముక్కలను మూలలో యూనిట్ వచ్చే చోట నిలువుగా పట్టుకొని, మీరు బాల్కనీ తలుపు దగ్గర నిలబడి చూడండి. నేల మీద పడుకోబెట్టి చూస్తే రెండూ బాగానే కనబడతాయి, నిలువుగా పట్టుకున్నప్పుడే తేడా తెలుస్తుంది. జిప్సం బోర్డుల పని మంగళవారం ఉదయం మొదలవుతుంది. లైట్ల చోట్లకు, గాజు తలుపుకు అవునో కాదో సోమవారం రాత్రిలోగా చెప్పగలిగితే ఎలక్ట్రీషియన్‌ను బోర్డుల కంటె ముందుగా రప్పిస్తాను.